మెట్ల మీద సామాను, డాబా మీద బట్టలు

ప్రశ్న: చమఖండిలో మాది రెండంతస్తుల ఇల్లు. పైవాటా అద్దెవారు మెట్ల మీద బియ్యం బస్తాలు, పాత మంచం పెట్టారు. డాబా మీద నీళ్ల ట్యాంకు పైపుకే తాడు కట్టి బట్టలు ఆరేస్తున్నారు. ఎలా ఆపించాలి?

జవాబు: ఈ రెండింటినీ వేరుగా చూడండి. బట్టలు ఆరేసుకోవడం అవసరం, దాన్ని కాదనకండి. కానీ తడిబట్టల బరువుకు ప్లాస్టిక్ పైపు వంగి, అతుకు దగ్గర కారుతుంది. పిట్టగోడకు దూరంగా రెండు ఇనుప స్తంభాలు మీరే పాతించి, ఆ చోటు వాళ్లకు చూపించండి.

మెట్ల విషయంలో మాత్రం మెత్తబడకండి. మంటలు లేచినా, రాత్రి కరెంటు పోయినా కిందికి రావడానికి ఉన్నది ఆ ఒక్క దారే. డాబా మీద విడి రేకులు, మంచాలు కూడా వద్దు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలికి అవి ఎగిరి పొరుగింటి మీద పడతాయి.

ముందు అద్దె కాగితం తీసి, మెట్లూ డాబా గురించి ఏం రాసుకున్నారో చూడండి. నోటితో చెప్పాక, తేదీ వేసి చిన్న ఉత్తరం ఇవ్వండి: "ఈ నెలాఖరులోగా మెట్ల మీది సామాను మీ వాటాలోకి తీసుకోండి." వాళ్లది ఒడియా అయితే ఒడియాలోనే రాయించండి. నకలు మీద సంతకం తీసుకోండి.

కోపంలో సామాను మీరే బయట పడేయడం, నీళ్లు, కరెంటు ఆపడం చేయకండి. తప్పు మీ మీదికి వస్తుంది. అయినా వినకపోతే, నెలవారీ అద్దెకు సాధారణంగా ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద ఇల్లు ఖాళీ చేయమని 15 రోజుల నోటీసు ఇవ్వవచ్చు. గడువు రాసుకున్న ఒప్పందం ఉంటే అందులోని షరతులే ముందు. నోటీసు ఇచ్చే ముందు బరంపురంలో వకీలుకు ఆ కాగితం చూపించండి.