ఇద్దరు చెప్పే ఫిర్యాదు – ఒకటే లోపం

సంఘం అధ్యక్షుని ఇంటికి ఉదయం కార్యదర్శి వచ్చి టెస్టర్ మీద చెబుతాడు. సాయంత్రం అదే అరుగు మీద కూర్చుని టెస్టర్ కార్యదర్శి మీద చెబుతాడు. ఇద్దరూ లేనిదే పాలకేంద్రం ఒక్క పూట కూడా నడవదు. ఇటువంటప్పుడు మధ్యనున్న మనిషి ఏం చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇది అధ్యక్షులకే కాదు, రేపు పాలకవర్గంలోకి రాబోయే ప్రతి సభ్యునికీ పనికివస్తుంది.

ఒక సంఘాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ ఉదయం పూట 200 కిలోల గేదెపాలు వస్తాయి. సభ్యుల పుస్తకాల ప్రకారం వాటిలో వెన్న 13.6 కిలోలు, అంటే 6.8 శాతం. డెయిరీ నుంచి వచ్చిన ట్రక్ షీటులో మాత్రం 6.4 శాతమే ఉంది. ఆ లెక్కన వెన్న 12.8 కిలోలు. సంఘం సభ్యులకు 13.6 కిలోలకు డబ్బు చెల్లించి, డెయిరీ నుంచి 12.8 కిలోలకే తీసుకుంటున్నదన్నమాట. పూటకు 0.8 కిలో వెన్న నష్టం. ఏడాది చివర బోనసు పంచేటప్పుడు ఈ నష్టం అందరి వాటాలోనూ పడుతుంది.

కార్యదర్శి ఇలా అన్నాడు: “వరుసగా మూడు పూటలు తరుగు వచ్చిందండీ. ఆ కుర్రాడు తన వాళ్లకు శాతం ఎక్కువ వేస్తున్నాడు.”

టెస్టర్ ఇలా అన్నాడు: “రద్దీలో ఆయనే సభ్యుల బిందెల్లోంచి నమూనా ముంచి నాకిస్తున్నారు బాబాయ్. మొన్న అందరి ముందూ ‘చేతకాకపోతే మానెయ్’ అన్నారు. వాళ్ల మేనల్లుణ్ణి నా చోట పెట్టాలని చూస్తున్నారు.”

సాధారణంగా మనం ఇక్కడే పొరపాటు చేస్తాం. ఎదుటి మనిషి బాధపడకుండా “అవునవును” అని తల ఊపుతాం. మర్నాటికి అది “అధ్యక్షులు కూడా ఒప్పుకున్నారు” అనే మాటగా ఊరంతా తిరుగుతుంది. లేదా ఒకరి మాట రెండోవారికి మోస్తాం. అప్పుడు ఉన్న తగవుకు మరొకటి తోడవుతుంది. అందుచేత మొదటే ఇలా చెప్పాలి: “నీ మాట పూర్తిగా వింటాను. అతని మాట కూడా వింటాను. అంతవరకు ఎవరిది తప్పో అనను.” ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకూడదు. సంఘం డబ్బుతో ముడిపడిన విషయాన్ని దాచిపెట్టడం మన చేతిలో లేదు.

ఇద్దరినీ విడివిడిగా, వీలైతే ఒకే రోజున వినాలి. విన్న తరువాత ఒక కాగితాన్ని నిలువుగా మడిచి ఒకవైపు “చూసినది”, రెండోవైపు “అనుకున్నది” అని రాసుకోవాలి. “ఏ పూట? నీవు కళ్లారా చూశావా?” అని అడిగితే ఏది ఎటు రాయాలో తెలిసిపోతుంది.

మన ఉదాహరణలో కార్యదర్శి చూసినది ట్రక్ షీటులోని తరుగు. బంధువులకు ఎక్కువ వేస్తున్నాడన్నది అనుకున్నది. టెస్టర్ చూసినది బిందెలోంచి నమూనా ముంచడం, అందరి ముందూ పడిన మాట. మేనల్లుడి సంగతి అనుకున్నది. ఇప్పుడు “చూసినది” వైపు మాత్రమే చదవండి. ఆ మాటలు ఒకదానికొకటి అడ్డు రావడం లేదు. పైగా రెండవది మొదటిదానికి కారణం కావచ్చు. శివారు పల్లె వారి పాలు పితికిన గంటకు గాని కేంద్రానికి చేరవు. కదలకుండా ఉన్న పాలలో వెన్న పైకి తేలుతుంది. కలపకుండా పైపైన ముంచిన నమూనాలో శాతం ఎక్కువ చూపుతుంది. డెయిరీలో మాత్రం క్యాను బాగా కలిపి నమూనా తీస్తారు.

దీనిని మాటలతో వాదించడం కంటే పరీక్ష చేసి చూడడం మేలు. మర్నాడు ఉదయం పదిమంది సభ్యుల పాలకు రెండేసి నమూనాలు తీయించాలి. ఒకటి బిందెలో పైనుంచి. రెండవది పాలను కొలపాత్రలో పోసి, అడుగుదాకా గరిటెతో కలిపిన తరువాత. కలిపి తీసిన నమూనాలలో రెండింటిని టెస్టర్‌కు చెప్పకుండా మరోసారి పరీక్షకు పెట్టాలి. శాతాలు చూసేటప్పుడు కార్యదర్శి పక్కనే ఉండాలి.

ఒకే నమూనా రెండుసార్లూ 0.1 లోపు తేడాతో వస్తే టెస్టర్ చేతిలో లోపం లేదని అర్థం. ఊళ్లోవారి పాలలో రెండు నమూనాలూ దాదాపు ఒకటిగా ఉండి, శివారు వారి పాలలో మాత్రం పైనుంచి తీసిన నమూనా ఎక్కువ చూపితే లోపం ముంచడంలో ఉందని అర్థం. మన సంఘంలో అలాగే తేలింది. శాతం ఎక్కువ పడుతున్నదన్న కార్యదర్శి మాట నిజమే. నమూనా సరిగా లేదన్న టెస్టర్ మాటా నిజమే. నమూనా తీసే పని ఫలానా వారిదని ఎన్నడూ నిర్ణయించకపోవడమే అసలు లోపం.

ఇక ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాలి. పాలు పోసేవారి ఎదుట కాదు, పూట ముగిసి క్యాన్లు వెళ్లిపోయిన తరువాత. ఒకరు చెప్పేటప్పుడు రెండోవారు అడ్డు రాకూడదు. విన్నవాడు ఆ ఫిర్యాదును తన నోటితో తిరిగి చెప్పాలి. “అవును, నేనన్నది అదే” అని చెప్పినవాడు ఒప్పుకున్నాకనే జవాబు. ఇక్కడ శాతం సంగతితోనే ఆగకూడదు. నలుగురిలో అన్న మాట కూడా “చూసినది” వైపే ఉంది. దానిని దాటవేస్తే శాతాలు సరిపడినా మనసులు సరిపడవు. మన కార్యదర్శి పరీక్ష చూసిన తరువాత, “ఆ మాట నేను అనకుండా ఉండవలసింది” అన్నాడు. అధ్యక్షుడు బలవంతపెట్టి చెప్పించినట్లయితే ఆ మాటకు విలువ ఉండేది కాదు.

చివరకు మూడు సంగతులు రాసుకున్నారు. పాలు కొలపాత్రలో పోసి కలిపిన తరువాతనే నమూనా తీయాలి. అది టెస్టర్ పని. అతను సీసా పక్కన పెట్టేదాకా కార్యదర్శి తరువాతి సభ్యుణ్ణి పిలవకూడదు. అనుమానం వస్తే ఆ నమూనాను ఇద్దరూ కలిసి మళ్లీ పరీక్షించాలి, సభ్యుల ముందు మాట అనకూడదు. పది రోజుల తరువాత ట్రక్ షీటుతో సరిచూడాలి. కొద్దిపాటి తేడా అప్పటికీ ఉంటుంది. అది పూటపూటా ఒకవైపే పోతుంటే మళ్లీ వెతకాలి.

ఈ పద్ధతి అన్నిటికీ చెల్లదు. పుస్తకంలో అంకెలు దిద్దడం, పాలలో కల్తీ, కులం పేరుతో దూషణ, మహిళా ఉద్యోగిని పట్ల అసభ్య ప్రవర్తన – ఇవి రాజీకి తగినవి కావు. వాటిని రాతపూర్వకంగా పాలకవర్గం ముందు పెట్టాలి. నేరమైతే చట్టప్రకారం నడవాలి. అధ్యక్షుడు ఇద్దరిలో ఒకరికి దగ్గరి బంధువైనప్పుడు తాను తప్పుకొని, ఇద్దరూ ఒప్పుకున్న మరో సభ్యునికి ఈ పని అప్పగించడం మంచిది. మన టెస్టర్ “బాబాయ్” అన్నది ఊరి వరుసే గనుక ఇక్కడ ఆ అవసరం రాలేదు.

నెల తరువాత కార్యదర్శి మళ్లీ అరుగెక్కి, “ఆ కుర్రాడు ఇవాళ ఆలస్యంగా వచ్చాడండీ” అన్నాడు. అధ్యక్షుడు ఒక్కటే అడిగాడు: “అతనితో చెప్పావా?” కార్యదర్శి కాస్త ఆగి, చెప్పులు వేసుకుని పాలకేంద్రం వైపు నడిచాడు.