పైసలు కట్ అయినయ్, రసీదు రాలేదు

యాదమ్మ, మల్లేశ్ అని ఇద్దరు భార్యాభర్తలు ఉన్నారనుకుందాం. వాళ్ల ఇల్లు హైదరాబాదులో, ఫిల్మ్‌నగర్ బస్తీలో. మల్లేశ్ సినిమా షూటింగుల్లో లైట్‌మెన్. ఎత్తున కట్టిన బల్లల మీద నిలబడి పెద్ద పెద్ద లైట్లు బిగిస్తాడు. కాలు జారితే ప్రాణానికే ముప్పు. అందుకే యాదమ్మ పట్టుబట్టి, 2024 నవంబరు 10న అతని పేరు మీద జీవిత బీమా పాలసీ తీయించింది. పాలసీ రెండు లక్షల రూపాయలకు. మూడు నెలలకు ఒకసారి 1,850 రూపాయలు కట్టాలి. ఇలా కట్టే కిస్తీనే ప్రీమియం అంటారు.

నవంబరులో కట్టారు. ఫిబ్రవరిలో కట్టారు. మే నెలలో కట్టారు. నాలుగోది 2025 ఆగస్టు 10న కట్టాలి.

ఆ ఆగస్టులోనే తెలుగు సినిమా కార్మికులు కూలి పెంచాలని సమ్మె చేశారు. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగిపోయాయి. మల్లేశ్‌కు పని లేదు, ఇంట్లో పైసలు లేవు. ఆగస్టు 10 వచ్చింది, పోయింది.

"ఇగ పాలసీ పోయినట్టేనా?" అని మల్లేశ్ దిగులుపడ్డాడు.

యాదమ్మ ఇనుప పెట్టెలోంచి పాలసీ కాగితం తీసింది. కూడబలుక్కుంటూ చదివింది. "పోలేదయ్యా. ఇంకా ముప్పై రోజుల గడువు ఉందని రాసిండ్రు" అన్నది.

ఆ గడువునే గ్రేసు గడువు అంటారు. మూడు నెలలకో, ఆరు నెలలకో, ఏడాదికో ప్రీమియం కట్టే జీవిత బీమా పాలసీకి కనీసం 30 రోజుల గ్రేసు ఉంటుంది. నెలనెలా కట్టేదానికి 15 రోజులే ఉంటుంది. ఈ రోజుల్లో కూడా బీమా నడుస్తూనే ఉంటుంది. ఈలోగా పాలసీదారు చనిపోతే, కట్టని ప్రీమియం మినహాయించుకుని మిగతా సొమ్ము ఇంటివాళ్లకు ఇస్తారు. గ్రేసు దాటితే మాత్రం పాలసీ ఆగిపోతుంది. దాన్ని ల్యాప్స్ అయింది అంటారు. మల్లేశ్ పాలసీకి ఇంకా ఏడాది కూడా నిండలేదు. అంత కొత్త పాలసీ ల్యాప్స్ అయ్యాక మనిషికి ఏమన్నా అయితే ఇంటికి ఒక్క పైసా రాదు.

యాదమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆగస్టు 10 నుంచి ముప్పై రోజులంటే సెప్టెంబరు 9. అదే ఆఖరి రోజు.

సెప్టెంబరు మొదట్లో మల్లేశ్‌కు కూలి పైసలు అందాయి. సెప్టెంబరు 6, శనివారం. ఆ రోజు గణేశ్ నిమజ్జనం. ఊరంతా సందడి. సాయంత్రం మల్లేశ్ ఫోను తీసి బీమా కంపెనీకి 1,850 రూపాయలు పంపాడు. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది. చివరకు "చెల్లింపు విఫలమైంది" అని వచ్చింది. ఆ వెంటనే బ్యాంకు నుంచి మెసేజీ వచ్చింది. ఖాతాలోంచి 1,850 రూపాయలు తీసినట్టు అందులో ఉంది.

"పైసలు కట్ అయినయ్ కదా. కట్టినట్టే" అన్నాడు మల్లేశ్.

"మరి రసీదు ఏదీ?" అని అడిగింది యాదమ్మ.

రసీదు రాలేదు.

పక్కింట్లో డిగ్రీ చదివే అమ్మాయి ఉంది. యాదమ్మ ఫోను పట్టుకుని ఆమె దగ్గరికి పోయింది. అమ్మాయి ఫోను చూసి చెప్పింది. "అత్తమ్మా, పైసలు మీ బ్యాంకు నుంచి బయలుదేరినయ్. కంపెనీకి చేరలేదు. నడిమిట్ల ఆగినయ్. ఇట్లయితే ఐదు రోజుల్లో బ్యాంకే తిరిగి ఖాతాలో వెయ్యాలె. అది రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం. ఐదు రోజులు దాటితే రోజుకు వంద రూపాయల లెక్కన మీకు పరిహారం కూడా ఇయ్యాలె."

"అయితే ఐదు రోజులు ఆగుదాం. పైసలు వచ్చినంక కడదాం" అన్నాడు మల్లేశ్.

యాదమ్మ మళ్లీ వేళ్లు మడిచింది. ఆరో తారీఖు మీద ఐదు రోజులు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. బ్యాంకుకు 11వ తారీఖు దాకా సమయం ఉంది. పాలసీకి 9వ తారీఖు దాకే ఉంది.

"బ్యాంకోళ్లు తప్పేం చెయ్యకున్నా మన పాలసీ పోతది. ఆగొద్దు" అన్నది యాదమ్మ.

ఈ లెక్క గుర్తుంచుకోవాలి. బ్యాంకు గడువు వేరు, పాలసీ గడువు వేరు. ఒకటి ఇంకోదాని కోసం ఆగదు. పాలసీకి ఐదు రోజులకన్నా తక్కువ మిగిలితే, ఆగిపోయిన పైసల కోసం ఎదురు చూడకూడదు. వేరే పైసలతో, వేరే దారిలో వెంటనే కట్టాలి.

ఆదివారం ఆఫీసు ఉండదు. ఆ రోజు యాదమ్మ తన అన్న దగ్గర రెండు వేలు చేబదులు తెచ్చింది. సోమవారం, 8వ తారీఖు పొద్దున బీమా కంపెనీ బ్రాంచి ఆఫీసుకు పోయింది.

కౌంటరులో ఉన్నాయన పాలసీ నంబరు కంప్యూటరులో చూశాడు. "ఆగస్టు ప్రీమియం మాకు రాలేదమ్మా" అన్నాడు.

యాదమ్మ బ్యాంకు మెసేజీ చూపించింది.

"ఇది మీ ఖాతాలోంచి పైసలు తీసినట్టు చూపిస్తది. మాకు చేరినట్టు చూపించదు" అన్నాడాయన.

యాదమ్మ వాదన పెట్టుకోలేదు. ఆ కౌంటరులోనే 1,850 రూపాయలు నగదు కట్టింది. "శనివారం పంపినవి కూడా మీకు చేరితే ఎట్ల సార్?" అని అడిగింది. "అప్పుడు ఎక్కువ వచ్చింది తిరిగి ఇమ్మని రాసియ్యండి" అన్నాడాయన. రసీదు చేతికిచ్చాడు.

యాదమ్మ అక్కడే నిలబడి రసీదు చదివింది. పాలసీ నంబరు చూసింది. ఒక్క అంకె తప్పయినా సొమ్ము ఇంకొకరి పాలసీలో పడుతుంది. భర్త పేరు చూసింది. ఎంత కట్టిందో చూసింది. ఏ నెల ప్రీమియమో చూసింది. ఆఖరుకు, కట్టిన తేదీ చూసింది. సెప్టెంబరు 8. గడువుకు ఒక రోజు ముందు. అన్నీ సరిగా ఉన్నాయి. అప్పుడు బయటికి వచ్చింది.

శనివారం పంపిన పైసలు 11వ తారీఖున ఖాతాలో తిరిగి పడ్డాయి. యాదమ్మ అన్న బాకీ తీర్చింది. వాళ్లు ఆ పైసల కోసం ఆగి ఉంటే, రెండు రోజుల ముందే పాలసీ ల్యాప్స్ అయ్యేది.

ఏ కాగితం ఏం చెబుతుంది?

విఫలమైందని చూపే ఫోను తెర బొమ్మ, మనం ఫలానా రోజు కట్టబోయామని మాత్రమే చెబుతుంది. బ్యాంకు మెసేజీ, పైసలు మన ఖాతా దాటాయని చెబుతుంది. కంపెనీ ఇచ్చిన రసీదు ఒక్కటే, పైసలు కంపెనీకి ముట్టాయని చెబుతుంది.

ఒక్కోసారి ఇంకో చిక్కు వస్తుంది. గడువులోనే పైసలు పంపుతాం. ఫోనులో "విజయవంతం" అని వస్తుంది. కానీ కంపెనీ లెక్కలో ఎక్కదు. పైసలు వెనక్కీ రావు. అప్పుడు బ్యాంకుకు పోయి ఖాతా స్టేట్‌మెంటు అడగాలి. పంపిన రోజు నుంచి కనీసం పది రోజుల లెక్క అందులో ఉండాలి. పైసలు పోయిన తేదీ కనబడాలి. అవి తిరిగి రాలేదని కూడా కనబడాలి. ఈ రెండోది ముఖ్యం. తిరిగి రాలేదంటే అవి అవతల చేరి ఉండాలి. ఫోనుతో పంపిన ప్రతి చెల్లింపుకూ 12 అంకెల నంబరు ఒకటి ఉంటుంది. దాన్ని యూటీఆర్ నంబరు అంటారు. ఆ నంబరు, పాలసీ నంబరు, తేదీ, సొమ్ము రాసి బ్రాంచిలో అర్జీ ఇవ్వాలి. రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఆ ప్రతి మన దగ్గర ఉండాలి.

ఏజెంటు చేతికి ఇస్తే?

చాలామంది ప్రీమియం ఏజెంటు చేతికి ఇస్తారు. ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఇది నిజంగా జరిగిన సంగతి. ఒకాయనకు జీవిత బీమా సంస్థలో పాలసీలు ఉన్నాయి. 1987 మార్చిలో కట్టాల్సిన ప్రీమియం ఆయన గడువులో కట్టలేదు. జూన్‌లో ఏజెంటుకు చెక్కు ఇచ్చాడు. ఏజెంటు చెక్కు మార్చుకున్నాడు, కానీ ఆఫీసులో కట్టలేదు. ఆగస్టు 9న పాలసీదారు ప్రమాదంలో చనిపోయాడు. మరునాడు ఏజెంటు పోయి ఆ ప్రీమియం కట్టాడు. ఇంటివాళ్లు బీమా సొమ్ము అడిగితే సంస్థ ఇవ్వనన్నది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1997లో కోర్టు తీర్పు చెప్పింది. ప్రీమియం వసూలు చేసే అధికారం ఆ ఏజెంటుకు లేదన్నది. అతనికి ఇచ్చినంత మాత్రాన సంస్థకు కట్టినట్టు కాదన్నది.

అందుకే ఏజెంటును అడగాల్సిన మాట ఒకటే. "కంపెనీ రసీదు ఏది?" చిట్టీ మీద అతను రాసిచ్చిన సంతకం కంపెనీ రసీదు కాదు.

గడువు దాటిపోతే?

ల్యాప్స్ అయిన పాలసీని మళ్లీ నడిపించుకోవచ్చు. మామూలు జీవిత బీమా పాలసీలకు, కట్టని మొదటి ప్రీమియం తేదీ నుంచి ఐదేళ్ల సమయం ఉంటుంది. కొన్ని పాత పాలసీలకు ఇంతకన్నా తక్కువ ఉంటుంది. బాకీ ప్రీమియాలు వడ్డీతో కట్టాలి. ఆరోగ్యం బాగుందని రాసివ్వాలి. పరీక్షలు చేయించమనవచ్చు. ఈలోగా జబ్బు చేస్తే కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. అందుకే ఎంత తొందరగా పోతే అంత మంచిది.

గడువులో కట్టినా కంపెనీ కాదంటే, ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆ ఆఫీసు ఒకటి హైదరాబాదులోనే ఉంది. దీనికి ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఏం చేయాలో తెలియకపోతే బీమా నియంత్రణ సంస్థ నంబరు 155255కు ఫోను చేసి అడగవచ్చు.

ఇప్పుడు యాదమ్మ ఇంట్లో గోడ క్యాలెండరు మీద నాలుగు తేదీలకు ఎర్ర సున్నాలు ఉన్నాయి. ప్రతి సున్నాకు పది రోజుల ముందు ఒక చిన్న గీత ఉంది. గీత దగ్గరే ప్రీమియం కడుతుంది. పైసలు నడిమిట్ల ఆగినా, తిరిగి వచ్చేదాకా ఓపిక పట్టడానికి రోజులు మిగులుతాయి.

చదివి చెప్పండి

1. బ్యాంకు మెసేజీ ఉన్నా యాదమ్మ మళ్లీ ఎందుకు కట్టింది?

2. యాదమ్మ రసీదులో ఏమేమి చూసింది?

3. ఒక పాలసీకి ప్రీమియం నెలనెలా కట్టాలి. కట్టాల్సిన తేదీ జూన్ 5. గ్రేసు గడువు ఏ తేదీతో ముగుస్తుంది?

4. ఆ పాలసీకి జూన్ 17న పంపిన పైసలు మధ్యలో ఆగిపోయాయి. అవి తిరిగి వచ్చేదాకా ఆగవచ్చా? లెక్క వేసి చెప్పండి.

5. మీ ఇంట్లో పాలసీ ఉంటే కాగితం తీయండి. పాలసీ నంబరు, కట్టాల్సిన తేదీ, గ్రేసు రోజులు మీ నోటుపుస్తకంలో రాయండి.