ప్రశ్న, ప్రకటన, వరుస: గుంటూరు, ప్రకాశం ప్రాంత వ్యవహారంలో ఆరోహావరోహ కాకుస్వరాలు

‘తెచ్చింది తేజా బాడిగా’ అనే మూడు మాటల వాక్యాన్ని విరామచిహ్నాలు లేకుండా కాగితం మీద చూసినవారు దాని అర్థాన్ని నిర్ణయించలేరు. అది రైతు చెప్పిన మాట కావచ్చు; అప్పుడు అతడు తెచ్చిన సరుకులో తేజ రకం మిరపకాయా ఉన్నది, బాడిగ రకమూ ఉన్నది అని అర్థం. కమీషన్ వ్యాపారి అడిగిన మాట కూడా కావచ్చు. అప్పుడు ఆ రెండింటిలో ఏ రకం తెచ్చావని అర్థం. అక్షరాలు అవే, క్రమం అదే. అయినా గుంటూరు మిరప యార్డులో ఈ వాక్యం విన్నవారు సాధారణంగా తడబడరు. అక్షరం చెప్పని భేదాన్ని గొంతులోని ఎత్తుపల్లాలు చెబుతాయి. ఈ ఎత్తుపల్లాలకు వాక్యనిర్మాణంతో గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణలు 2022 నాటి విభజనకు ముందున్న గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల వాడుకకు సంబంధించినవి.

1. కాకువు: రెండు అర్థాలు

శోకం, భయం మొదలైన వాటివల్ల ధ్వనికి కలిగే వికారాన్ని అమరకోశం కాకువు అన్నది. ఇది భావానికి సంబంధించిన అర్థం. నాట్యశాస్త్రంలో భరతుడు కాకువును సాకాంక్షమనీ, నిరాకాంక్షమనీ రెండు విధాలుగా విభజించాడు. చెప్పవలసినది ఇంకా మిగిలి ఉన్న వాక్యం సాకాంక్షం. అర్థం పూర్తయినది నిరాకాంక్షం. ఇది వాక్యానికి సంబంధించిన అర్థం. ప్రస్తుత పరిశీలనకు కావలసినది ఈ రెండవదే.

ప్రశ్నకు స్వరం లేస్తుంది, ప్రకటనకు దిగుతుంది అని పాఠ్యపుస్తకాలలో సాధారణంగా చెబుతారు. తెలుగు విషయంలో ఈ సూత్రం సగమే నిజం. ‘పత్తి ఎప్పుడు తీశారు?’ అన్నది ప్రశ్నే. కాని మామూలుగా అడిగినప్పుడు స్వరం ‘ఎప్పుడు’ మీద ఎత్తుకు చేరి, అక్కడినుంచి వాక్యాంతం వరకు దిగుతుంది. ‘పత్తి తీశారా?’ అన్నప్పుడు మాత్రం చివరి ఆకారం మీద లేస్తుంది. కొందరి ఉచ్చారణలో ఆ లేచిన స్వరం కొసన కొంచెం వంగుతుంది కూడా. మరొకవైపు, ‘పత్తీ, మిరపా, కందీ వేశాం’ అన్నది ప్రశ్న కాదు. అయినా ఒక్కొక్క పంట పేరు చివర స్వరం దిగకుండా నిలుస్తుంది, లేదా కొద్దిగా లేస్తుంది.

కనుక లేచే స్వరం ప్రశ్నకు గుర్తు కాదు, ఆకాంక్షకు గుర్తు. వరుసలో మొదటి పేరు తరువాతి పేరును ఆకాంక్షిస్తుంది. ఆకారాంత ప్రశ్న అవునో కాదో అనే జవాబును ఆకాంక్షిస్తుంది. ‘ఎప్పుడు’ వంటి ప్రశ్నపదం ఉన్నచోట ఆ ఆకాంక్షను పదమే ప్రకటించింది కాబట్టి వాక్యాంతంలో స్వరం మళ్లీ లేవనవసరం లేదు. అవతలివారి మాట సరిగా వినబడక ‘ఎప్పుడూ?’ అని తిరిగి అడిగినప్పుడు మాత్రం అదే పదం ఆరోహంతో ముగుస్తుంది. అక్కడ ఆకాంక్ష కాలాన్ని గురించి కాదు, చెప్పిన మాటను గురించి.

2. అకారాంత పదాల చిక్కు

వ్యావహారికంలో సముచ్చయాన్ని, అంటే ‘ఇదీ అదీ’ అనే అర్థాన్ని, పదాంత అచ్చును దీర్ఘం చేసి చెబుతారు: పత్తి, పత్తీ, పొగాకు, పొగాకూ. ప్రశ్నకు పదం చివర ఆకారం చేరుతుంది: పత్తి, పత్తా, పొగాకు, పొగాకా. ఇకారాంతాలలోను, ఉకారాంతాలలోను ఈ రెండు రూపాలు వేరుగా ఉన్నాయి. అందువల్ల ‘వేసింది పత్తీ పొగాకూ’ అన్నా, ‘వేసింది పత్తా పొగాకా’ అన్నా స్వరం ఎలా ఉన్నా అర్థం చెడదు.

అకారాంతాలలో ఈ సౌకర్యం లేదు. మిరప, శనగ, జొన్న, సజ్జ అనే పైరుల పేర్లు, తేజ, బాడిగ అనే మిరప రకాల పేర్లు అకారాంతాలు. సముచ్చయంలో వీటి చివరి అకారం దీర్ఘమైతే వచ్చేది ఆకారమే. ప్రశ్నలో చేరేదీ ఆకారమే. ‘మిరపా శనగా’ అన్న రూపం రెండింటికీ చెల్లుతుంది.

ఈ చిక్కు గ్రాంథికంలో లేదు. ‘మిరపయు శనగయు’ అన్నది సముచ్చయం, ‘మిరపయా శనగయా’ అన్నది ప్రశ్న. వ్యవహారంలో సముచ్చయపు ‘యు’ లోపించి, దాని స్థానంలో దీర్ఘం మిగిలింది. ప్రశ్నలోని యకారమూ నిలవలేదు. భిన్నమైన రెండు రూపాలు ఇలా ఒకటైనచోట, అక్షరం మోసిన బరువు స్వరం మీద పడింది.

అయితే అన్ని వాక్యాలలోనూ ఈ బరువు సమానం కాదు. ‘తేజా బాడిగా తెచ్చాను’ అన్నప్పుడు ఉత్తమపురుష క్రియ ఉన్నది కాబట్టి అది ప్రకటన అని తెలిసిపోతుంది. ‘తెచ్చింది తేజా బాడిగా’ అన్నది క్రియతో ముగియని నామవాక్యం. తెచ్చింది నేనా, నీవా అన్నది కూడా అందులో లేదు. వాక్యభేదాన్ని స్వరం ఒక్కటే చూపవలసిన సందర్భం ఇది.

3. ఒకే వాక్యం, మూడు స్వరాలు

ఈ వాక్యాన్ని మూడు విధాల పలికి పోల్చవచ్చు. ఇక్కడ ↗ ఆరోహానికి, → సమస్వరానికి, ↘ అవరోహానికి గుర్తులు.

(అ) ప్రకటన, ముగిసిన వరుస: తెచ్చింది తేజా → బాడిగా ↘
‘తేజా’ చివర స్వరం మధ్యమస్థాయిలో నిలుస్తుంది, లేచినా కొద్దిగానే. రెండు పేర్ల మధ్య విరామం స్వల్పం. ‘బాడిగా’ మొదటి పేరుకంటె ఎత్తుగా మొదలు కాదు. క్రమంగా దిగి వక్త కంఠపు అడుగుస్థాయిని చేరుతుంది.

(ఆ) వికల్పప్రశ్న: తెచ్చింది తేజా ↗ బాడిగా ↘
‘తేజా’ చివరి ఆకారం మీద స్వరం స్పష్టంగా లేస్తుంది. తరువాత విరామం వినబడుతుంది. ‘బాడిగా’ మళ్లీ ఎత్తుగా మొదలై దిగుతుంది. రెండవ పేరుతో వికల్పాలు పూర్తి అయినవి, మూడవది లేదు అని ఈ అవరోహం సూచిస్తుంది.

(ఇ) ముగియని వరుస: తెచ్చింది తేజా → బాడిగా →
రెండవ పేరు చివర కూడా స్వరం దిగదు. ఇంకొక రకం పేరు రాబోతున్నదని శ్రోత ఎదురుచూస్తాడు.

(అ), (ఆ) రెండూ అవరోహంతోనే ముగుస్తాయన్నది గమనించదగినది. వాక్యాంతాన్ని మాత్రమే విని ప్రశ్నను గుర్తించాలనుకునే విద్యార్థి ఇక్కడ పొరపడతాడు. ప్రశ్న ఉన్నది చివర కాదు, నడుమ. మొదటి పేరు మీద స్వరం ఎంత లేచింది, రెండవ పేరు ఏ ఎత్తున మొదలైంది అన్నవే నిర్ణాయకాలు.

పాణిని ఈ విషయాన్ని సంస్కృతానికి సంబంధించి గుర్తించాడు. అష్టాధ్యాయి ఎనిమిదవ అధ్యాయం రెండవ పాదంలోని 97వ సూత్రం ఇదా, అదా అని విచారించే వాక్యాలకు ప్లుతం విధించింది. ఆ ప్రకరణంలో ప్లుతం ఉదాత్తంగా, అంటే ఎత్తైన స్వరంతో పలకాలి. వెంటనే వచ్చే 98వ సూత్రం, లోకవ్యవహార భాషలో మాత్రం వికల్పాలలో మొదటిదానికే అది వర్తిస్తుందని నియమించింది. వ్యాఖ్యాతలు చూపే ఉదాహరణకు తెలుగు ‘పామా, తాడా’. మొదటిదానిపై ఎత్తు, రెండవదానికి లేదు. గుంటూరు వ్యాపారి ‘తేజా బాడిగా’ అని అడిగినప్పటి క్రమం దీనికి దగ్గరగా ఉన్నది. దీనివల్ల తెలుగు ఈ స్వరాన్ని సంస్కృతంనుంచి తీసుకొన్నదని చెప్పరాదు. వికల్పాన్ని పలికే పద్ధతి రెండు భాషలలోనూ పోలి ఉన్నదని మాత్రమే చెప్పవచ్చు.

4. జవాబే పరీక్ష

స్వరాన్ని శ్రోత ఎలా గ్రహించాడో తెలుసుకోవడానికి అతని జవాబే ఆధారం. యార్డులో జరగగల ఒక సంభాషణను ఊహించవచ్చు. రైతు లారీనుంచి టిక్కీలు దింపించాడు. వ్యాపారి ‘ఎన్ని టిక్కీలు బాబాయ్?’ అని అడిగాడు. ‘నలభై’ అన్నాడు రైతు. ‘తెచ్చింది తేజా బాడిగా’ అని వ్యాపారి అన్నాడు. రైతు ‘తేజ’ అని జవాబిస్తే దానిని వికల్పప్రశ్నగా విన్నాడన్నమాట. ‘ఆఁ, రెండూ’ అంటే వరుసగా విని, ధ్రువపరచమని అడుగుతున్నట్లు భావించాడన్నమాట. వ్యాపారి మొదటి పేరును తగినంత ఎత్తకుండా, విరామం లేకుండా త్వరగా పలికితే ఈ రెండవ జవాబు వచ్చే అవకాశం ఉన్నది. ‘ఆఁ’ అని మాత్రమే రైతు ఊరుకుంటే వ్యాపారికి ఏమీ తెలియదు.

ఇది మాటల చమత్కారంతో ముగిసే పొరపాటు కాదు. తేజ కారం ఎక్కువైన రకం. బాడిగ కారం తక్కువై, రంగుకు పేరుపొందినది. వాటి ధరలు వేరు. నలభై టిక్కీలూ ఒకే రకమని గుమస్తా చీటీ రాస్తే, కాటా దగ్గరో, కొనుగోలుదారు టిక్కీ కోసి చూసినప్పుడో తగాదా వస్తుంది.

భాషలోనే దీనికి పరిష్కారాలున్నాయి. అనుమానం ఉన్నచోట ‘తేజానా, బాడిగానా’ అని నకారం చేర్చి అడగడం ఒకటి. అప్పుడు సముచ్చయంతో కలిసే అవకాశం పోతుంది. రెండూ తెచ్చావా అన్న అర్థంలో ‘తేజా బాడిగా రెండూనా’ అనడం మరొకటి. జవాబు చెప్పేవారు ‘ఆఁ’తో ఆగకుండా రకం పేరును తిరిగి పలకడం ఇంకొకటి. స్వరం చాలదనిపించినప్పుడు వక్తలు మళ్లీ అక్షరాన్ని ఆశ్రయిస్తారు.

5. పరిశీలనలో జాగ్రత్తలు

స్వరస్థాయి సాపేక్షం. స్త్రీ కంఠపు అడుగుస్థాయి పురుషుని కంఠపు ఎత్తుకంటె పైన ఉండవచ్చు. అందువల్ల ఒక వక్త స్వరాన్ని ఆ వక్త ఇతర వాక్యాలతోనే పోల్చాలి. మాటలను విడిచి వాక్యాన్ని గొంతులోనే మూలిగినట్లు పలికిస్తే అక్షరాల ప్రభావం తొలగి, ఎత్తుపల్లాలు తేటపడతాయి. కంప్యూటరులో స్వరరేఖను గీయించి చూసేవారు శ్వాసాలైన పరుషాక్షరాల దగ్గర రేఖ తెగుతుందని గుర్తుంచుకోవాలి. ‘పత్తీ’లోని ద్విత్వ తకారం దగ్గర రేఖ ఆగిపోతుంది. ‘తేజా బాడిగా’లో మొదటి తకారం తప్ప తక్కినవన్నీ నాదాలే కాబట్టి, ఈ జంట ప్రయోగానికి అనువైనది.

వాక్యాన్ని కాగితం మీద రాసి చదివించినప్పుడు వచ్చే స్వరం చదువు స్వరమే కాని, మాట స్వరం కాదు. కోపం, తొందర, యార్డులోని కేకలు కూడా ఎత్తును మారుస్తాయి. అవి అమరకోశం చెప్పిన కాకువు కిందికి వస్తాయి. ఒకే వక్తచేత ఒకే వాక్యాన్ని సందర్భం కల్పించి, పలుమార్లు పలికించినప్పుడు మారక నిలిచేదే వాక్యస్వరం.

ఒంగోలులో 1928లో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వెలువడింది. రైతు మాటలోని పదాలు ఆ విధంగా గ్రంథస్థమైనాయి. ‘తేజా బాడిగా’ వంటి వాక్యంలో అర్థాన్ని నిర్ణయించేది పదం కాదు. అది మొదటి పేరు చివరి దీర్ఘం మీద స్వరం నిలిచిందా, లేచిందా అన్నది. ఇటువంటి అకారాంత నామవాక్యాలను రైతుల నోట, వారి సహజ సందర్భంలో ధ్వనిముద్రణ చేసి, వాటికి వచ్చిన జవాబులతో సహా భద్రపరిస్తేనే ఆ భేదం తరువాతి పరిశోధకులకు దక్కుతుంది.