ఫోన్‌లో కనిపించే ముక్కు సర్జరీతో వస్తుందా?

ప్రశ్న: నా వయసు 23. మాది ఆండర్సన్‌పేట. రోజూ రైల్లో బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్లొస్తాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. బయోడేటాలో పెట్టడానికి ఒక యాప్‌లో ఫొటో సరిచేసుకున్నాను. అందులో ముక్కు సన్నగా, ముచ్చటగా ఉంది. మామూలు సెల్ఫీలో మాత్రం మరీ వెడల్పుగా కనిపిస్తోంది. ఎవరైనా చూసుకోవడానికి వస్తామంటేనే గుండె దడ. ఆ ఫొటోలో ఉన్నట్టే సర్జరీ చేయించుకోవచ్చా? మూడు నెలల్లో పెళ్లి కుదిరితే ఆలోగా మానుతుందా?
– ఒక పాఠకురాలు, ఆండర్సన్‌పేట

జవాబు: అమ్మా, మీ దగ్గరున్న రెండు ఫొటోల్లో ఏదీ మీ అసలు ముక్కు కాదు. సెల్ఫీ దాన్ని పెంచి చూపించింది, యాప్ తగ్గించి చూపించింది. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాను సర్జన్ పూడ్చాలని మీరు అడుగుతున్నారు. ఆ తేడాలో చాలా భాగం మీ ముఖంలో లేనే లేదు.

ముందు సెల్ఫీ సంగతి. చెయ్యి చాపి ఫొటో తీసుకుంటే ఫోన్ ముఖానికి అడుగు దూరంలో, అంటే సుమారు 30 సెంటీమీటర్లలో ఉంటుంది. ముక్కు కొన కన్నా చెవుల ముందుండే చెంప అంచులు దాదాపు 8 సెంటీమీటర్లు వెనక్కి ఉంటాయి. కెమెరాకు ముక్కు 30 సెంటీమీటర్లలో, చెంపలు 38 సెంటీమీటర్లలో ఉన్నాయన్నమాట. దగ్గరున్నది పెద్దగా పడుతుంది కాబట్టి చెంపలతో పోలిస్తే ముక్కు పాతిక శాతానికి పైగా పెరిగి కనిపిస్తుంది. అదే ఫోన్ ఐదడుగుల దూరంలో ఉంటే లెక్క 150, 158 సెంటీమీటర్లు. తేడా ఐదు శాతమే. అమెరికా వైద్యులు 2018లో ప్రచురించిన పరిశోధనలో కూడా అడుగు దూరపు సెల్ఫీలో ముక్కు వెడల్పు, ఐదడుగుల ఫొటోతో పోలిస్తే, సుమారు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని తేలింది. ఎదుటివాళ్లు మనల్ని అడుగు దూరం నుంచి చూడరు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు అసలే చూడరు.

ఇక యాప్. అది ముందు మీ ఫొటోలో కనుకొనలు, ముక్కు పుటాలు, పెదవుల అంచులు, దవడ గీత గుర్తుపట్టి వాటిమీద వందల కొద్దీ చుక్కలు పెడుతుంది. ఆ చుక్కలను కలిపి ముఖమంతా సన్నని వల పరుస్తుంది. మీరు ‘ముక్కు’ దగ్గరి గీతను జరిపితే పుటాల దగ్గరి చుక్కలు లోపలికి జరుగుతాయి, వాటితోపాటు బొమ్మ కూడా నొక్కుకుపోతుంది. ఎముక, మృదులాస్థి, చర్మం, శ్వాసదారి – ఇవేవీ యాప్‌కు తెలియవు. చర్మాన్ని నునుపు చేసేటప్పుడు ముక్కు పక్కనుండే నీడలను కూడా చెరిపేస్తుంది. ముక్కు ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అని మన కన్ను అంచనా వేసేది ఆ నీడలను బట్టే.

మీరు గమనించని సంగతి ఇంకొకటి ఉండొచ్చు. ఇలాంటి యాప్‌లు చాలావరకు ఒక్క ముక్కుతో ఆగవు. ఒకే నొక్కుడుతో కళ్లు పెద్దవవుతాయి, దవడ సన్నబడుతుంది, రంగు తేలుతుంది. కళ్లు పెరిగినందువల్ల కూడా ముక్కు చిన్నదిగా కనిపిస్తుంది. కనుగుడ్డును పెద్దది చేసే సర్జరీ ఎక్కడా లేదు. కాబట్టి ముక్కుకు ఎంత చక్కగా ఆపరేషన్ చేసినా ఆ ఫొటోలోని ముఖం రాదు. నమ్మకం లేకపోతే అదే యాప్‌లో కళ్ల మార్పు, దవడ మార్పు సున్నాకు తెచ్చి, ముక్కు మార్పు ఒక్కటే ఉంచి చూడండి. మీకు నచ్చిన ఫొటో అక్కడే మాయమవుతుంది.

సర్జన్ చేతిలో ఉన్నదెంతో కూడా చెబుతాను. మీ ముక్కు పుటాల మధ్య వెడల్పు 38 మిల్లీమీటర్లు అనుకుందాం. యాప్ దాన్ని ఐదో వంతు తగ్గిస్తే 30 అవుతుంది. సర్జరీలో పుటాల అడుగున సన్నని ముక్క తీసి కుడతారు. సాధారణంగా ఒక్కో వైపు 2 నుంచి 4 మిల్లీమీటర్లకు మించి తీయరు. తీసినంత కొలతా వెడల్పులో తగ్గదు కూడా. మరీ ఎక్కువ తీస్తే ముక్కు రంధ్రాలు నొక్కుకుపోయి శ్వాస ఆడదు. అలా అయ్యాక సరిచేయడం చాలా కష్టం. పుటాల మడతలో చిన్న మచ్చ ఎలాగూ మిగులుతుంది. గాయం మానినచోట కండ ఉబ్బే స్వభావం ఉన్నవాళ్లకు అది కూడా సమస్యే. మన ప్రాంతంలో చాలామందికి ముక్కు కొన దగ్గర చర్మం మందంగా ఉంటుంది. లోపల మృదులాస్థిని ఎంత సన్నగా చెక్కినా పైనున్న మందపు చర్మం ఆ ఆకారాన్ని పూర్తిగా బయటికి చూపించదు.

మూడు నెలల మాటకొస్తే, ఎముకను కూడా సరిచేస్తే పైన వేసిన కట్టు వారానికి తీస్తారు. కళ్ల కింద కమిలినది రెండు మూడు వారాల్లో పోతుంది. కొన దగ్గరి వాపు తగ్గడానికి మాత్రం ఏడాది పడుతుంది, మందపు చర్మానికి ఇంకొంచెం ఎక్కువే. మూడు నెలల్లో మీరు చూసేది తుది ముక్కు కాదు. పెళ్లి ముహూర్తాన్ని బట్టి ఈ ఆపరేషన్ పెట్టుకోకండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఫోన్‌లో ‘బ్యూటీ’ మోడ్ ఆపేయండి. యాప్ వాడకపోయినా చాలా ఫోన్లలో అది ముందే ఆన్‌లో ఉంటుంది. బ్యూటీప్లస్, యూక్యామ్ మేకప్ లాంటివాటిని 2020 జూన్‌లో కేంద్రం నిషేధించింది గానీ, అది దేశ భద్రత కారణంగా. ముఖాన్ని మార్చే సదుపాయం కెమెరాలోనే ఉండిపోయింది. పగటి వెలుతురులో కిటికీకి ఎదురుగా నిలబడి, ఐదడుగుల దూరం నుంచి వెనక కెమెరాతో, కొద్దిగా జూమ్ చేసి ఇంట్లో ఎవరినైనా తీయమనండి. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. బయోడేటాలో ఆ ఫొటో పెట్టండి. అది చూశాక కూడా ముక్కు ఇబ్బందిగానే అనిపిస్తే, లేదా శ్వాసకు అడ్డుంటే, అదే ఫొటోతో కోలారు తమక దగ్గరి ఆర్.ఎల్. జాలప్ప ఆసుపత్రి లాంటి వైద్య కళాశాల ఆసుపత్రిలో ఈఎన్‌టీ వైద్యులకు చూపించుకోండి.

ఒకటి అడగాలి. రోజులో గంటకు పైగా ముక్కు గురించే ఆలోచిస్తున్నారా? అద్దం పదేపదే చూసుకుంటున్నారా? ముఖం చూపించలేక పనికో, శుభకార్యాలకో వెళ్లడం మానేస్తున్నారా? అయితే అది బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ కావచ్చు. వందమందిలో సుమారు ఇద్దరికి ఉంటుంది. దీనికి సర్జరీ పనిచేయదు. ఆపరేషన్ అయ్యాక బాధ మరో చోటికి మారుతుంది, అంతే. మందులు, కౌన్సెలింగ్‌తో మాత్రం తగ్గుతుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో చూస్తారు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో ఉచితంగా మాట్లాడతారు.

ప్రశ్న: బెంగళూరులో ఒక క్లినిక్‌లో మా చెల్లెలి ఫొటోను కంప్యూటర్‌లో మార్చి, ఆపరేషన్ తర్వాత ఇలా ఉంటుందని చూపించారు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, బంగారుపేట

జవాబు: ఆ బొమ్మ తయారయ్యే పద్ధతి కూడా యాప్‌లోలాంటిదే. మంచి సర్జన్ దాన్ని మాట్లాడుకోవడానికి వాడతారు. ‘మీరు కోరేది ఇదా? ఇందులో ఇంతవరకు చేయగలను, ఇది చేయలేను’ అని చెప్పడానికి అది పనికొస్తుంది. పక్కనుంచి తీసిన ఫొటోలో ముక్కు దూలం తగ్గించి చూపించడం కొంతవరకు నిజానికి దగ్గరగా ఉంటుంది. ఎదురు ఫొటోలో కొన సన్నబడినట్టు చూపించడాన్ని అంతగా నమ్మకూడదు. ‘అచ్చం ఇలాగే వస్తుంది’ అన్న చోట సంతకం పెట్టకండి.

ఆ సర్జన్ స్వయంగా ఆపరేషన్ చేసిన, మీ చెల్లెలి లాంటి చర్మమే ఉన్నవారి ఫొటోలు, అవీ ఏడాది తర్వాత తీసినవి చూపించమనండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ఉందో, ఈఎన్‌టీ సర్జన్ అయితే ముక్కు ఆపరేషన్లలో ప్రత్యేక అనుభవం ఉందో లేదో కనుక్కోండి. ఆసుపత్రికి కేపీఎంఈ రిజిస్ట్రేషన్ ఉందా, మత్తు డాక్టర్ ఎవరు, ఐసీయూ ఉందా అనీ అడగండి. 2022 మేలో బెంగళూరులోనే కొవ్వు తీసే సర్జరీ తర్వాత 21 ఏళ్ల కన్నడ టీవీ నటి చేతనా రాజ్ మరణించింది. ఈ ప్రశ్నలకు కాగితం చూపించి జవాబు చెప్పని చోట మీ చెల్లెలికి ఆపరేషన్ చేయించకండి.