ఇసుక నీరయ్యే చోట: రిపోర్టు చదివేవారికి కొన్ని అనుభవ పాఠాలు

మా పావగడ తాలూకాలో చాలాచోట్ల పునాది తవ్వితే కొంచెం లోతుకే రాయి తగులుతుంది. నీళ్ళు బోర్లలో ఎక్కడో అడుగున ఉంటాయి. ఇలాంటి నేల చూసి పెరిగిన మన పిల్లలు నెల్లూరు తీరంలో కట్టడాల పనికి వెళ్ళి, లిక్విఫాక్షన్ రిపోర్టు చేతికొస్తే తికమకపడతారు. మట్టి గురించి ప్రత్యేకంగా చదవని అధికారి కూడా ఆ రిపోర్టు తేల్చిన సంగతిని పరీక్షించి చూడవచ్చు. దానికి నాకు పనికొచ్చిన విషయాలు ఇవి.

1. ముందుగా మూడు విషయాలు చూడండి. ఇసుక వదులుగా ఉందా? అది నీళ్ళలో మునిగి ఉందా? బలమైన భూకంపం రావడానికి అవకాశం ఉందా? సేరులో రాగులు పోసి తడితే దిగబడతాయి కదా, వదులు ఇసుక కూడా ఊపితే అలాగే దిగబడాలని చూస్తుంది. రేణువుల మధ్య నీరుంటే ఆ కొన్ని సెకన్లలో బయటికి పోలేదు. దాంతో పైబరువు నీటిమీద పడి, రేణువుల పట్టు సడలి, నేల కాసేపు చిక్కటి ద్రవంలా మారుతుంది. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో కాండ్లా రేవులోని టవరు భవనం ఒరగడానికి కారణం ఇదే. పావగడ రాతినేలలో ఈ మూడింటిలో మొదటి రెండూ లేవు. నెల్లూరు తీరంలో మూడూ కలుస్తాయి.

2. లెక్కంతా ఒక భాగహారమే. భూకంపం ఇసుకమీద పెట్టే ఒత్తిడి ఒకటి, ఇసుక తట్టుకోగల శక్తి మరొకటి. శక్తిని ఒత్తిడితో భాగిస్తే భద్రతా గుణకం వస్తుంది. అది 1 కన్నా తక్కువైతే ఆ పొర ద్రవీకరిస్తుందని ఐఎస్ 1893 (2016) ప్రకారం భావించాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. శుభ్రమైన ఇసుక, పరీక్షించే లోతు 5 మీటర్లు, నీటిమట్టం 1 మీటరు లోతున. ఆ 2016 కోడ్‌లో నెల్లూరు మూడో జోన్, గుణకం 0.16. ఆ లోతులో మట్టి మొత్తం బరువు చదరపు మీటరుకు 90 కిలోన్యూటన్లు. అందులో నీరు మోసేది 39, రేణువులు మోసేది 51. ఇలా లెక్కిస్తే ఒత్తిడి నిష్పత్తి 0.177 వస్తుంది. ఎస్‌పీటీలో 10 దెబ్బలు పడ్డాయనుకుంటే, లోతు, రాడ్డు పొడవు, బోరు వ్యాసాలకు తగిన సవరణలు చేశాక అది సుమారు 12.5 అవుతుంది. దానికి తట్టుకునే శక్తి 0.136.

3. భూకంప తీవ్రత ఎంత అనుకున్నారో తప్పక అడగండి. పైన చెప్పిన 0.136 తీవ్రత 7.5 కి సంబంధించినది. దానితో భద్రతా గుణకం 0.77, అంటే ఇసుక ద్రవీకరిస్తుంది. అదే ఇసుకకు 6.5 తీవ్రత తీసుకుంటే 1.11, 6.0 అయితే 1.36. తక్కువ తీవ్రత భూకంపంలో ఊపులు తక్కువసార్లు వస్తాయి కాబట్టే ఇంత తేడా. 1967 మార్చిలో ఒంగోలును కుదిపిన భూకంపం తీవ్రత 5.4. దాన్ని చూపి 6.0 చాలంటారు కొందరు. ఒక్క సంఘటనతో పైహద్దు తేలదు. సారాంశంలో భద్రతా గుణకం రాసి తీవ్రత రాయకపోతే, ఆ రిపోర్టును నేనైతే వెనక్కి పంపుతాను. ఎందుకంటే నిర్ణయమంతా ఆ ఒక్క అంకెమీదే ఆధారపడి ఉంటుంది.

4. బోరు ఏ నెలలో తీశారో చూడండి. ఈశాన్య రుతుపవనాల తర్వాత తీరంలో నీరు పైకొస్తుంది. వేసవిలో 3 మీటర్ల లోతున నీరు కనబడిందని దానితోనే లెక్క కడితే ఒత్తిడి 0.177 నుంచి 0.128కి పడిపోతుంది. కాగితంమీద సైటు ఉన్నదానికన్నా సురక్షితంగా కనిపిస్తుంది. లెక్కలో ఏడాదిలో అన్నిటికన్నా పైకొచ్చే మట్టాన్నే తీసుకోవాలి.

బోరులోని నీరు బయటి మట్టం కన్నా కిందికి పోతే ఇంకో ప్రమాదం ఉంది. అప్పుడు అడుగు ఇసుక పైకి ఉబికి వస్తుంది, సుత్తి దెబ్బలు తగ్గిపోతాయి, గట్టి ఇసుక కూడా వదులుగా తేలుతుంది. దీన్ని పసిగట్టాలంటే బోరు లాగ్ చూడాలి. రాడ్డు దింపేసరికి అడుగు పైకి వచ్చిందా, పక్క బోరులో అదే లోతున అంకె బాగా ఎక్కువగా ఉందా? అలా ఉంటే బోరును నీటితోగానీ బెంటోనైటుతోగానీ నింపి ఉంచి మళ్ళీ పరీక్షించమనండి.

5. ముగింపు వాక్యంలో పని కనబడాలి. ‘సైటులో ద్రవీకరణకు అవకాశం ఉంది’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పై ఉదాహరణకు నేనైతే ఇలా రాస్తాను: ‘5 మీటర్ల దగ్గరి వదులు ఇసుక 7.5 తీవ్రతకు ద్రవీకరిస్తుంది, 6.5కు అంచున ఉంటుంది. పునాది పైల్స్‌ను ఈ పొర దాటించి కింది గట్టి పొరలో దిగవేయాలి. పొర పక్కబలం ఇవ్వదన్న లెక్కతో డిజైన్ చేయాలి. లేకపోతే వైబ్రో పద్ధతిలో ఇసుకను దట్టించాలి. దట్టించాక అదే లోతున ఎస్‌పీటీలో కనీసం 16 దెబ్బలు రావాలి. అప్పుడే 7.5 తీవ్రతకు కూడా భద్రతా గుణకం 1.2 దొరుకుతుంది.’ ఆ 16 వచ్చిందా లేదా అన్నది పని పూర్తయ్యాక ఎవరైనా చూసి చెప్పగలరు.