క్లయింట్ కాల్‌లో నా పేరెందుకు లేదు?

"మా అమ్మాయి యాస మాన్పించే కోర్సు ఏదైనా ఉంటే చెప్పండి సర్" అని అడిగే తల్లిదండ్రులు ఈమధ్య ఎక్కువయ్యారు. పిల్లకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి ఏడాది దాటి ఉంటుంది. టీమ్‌లో ఎవరో నవ్వారని ఇంట్లో చెప్పుకుంటుంది. వెంటనే పెద్దవాళ్లు వేలకు వేలు ఫీజు కట్టడానికి సిద్ధమైపోతారు. నవ్వినవాడిది తప్పని ఒక్కరూ అనరు.

ఆ డబ్బు దండగ. అవతలివాళ్లకు మన మాట నిజంగా అందకపోతే చేయాల్సింది వేగం తగ్గించి మాట్లాడటం, వాక్యం చివరి మాటలు మింగకుండా పలకటం. ఫోన్‌లో రోజూ ఐదు నిమిషాలు రికార్డు చేసుకుని వింటే చాలు, దానికి ఖర్చేమీ లేదు. శ్రీకాకుళం యాస ఉన్నంత మాత్రాన ఏ టెస్ట్ కేసూ ఫెయిల్ కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. శ్రీకాకుళం అమ్మాయి, టెస్టింగ్ టీమ్‌లో రెండో ఏడాది. సీటు దగ్గరకు రాగానే పక్కవాళ్లు "ఏటి మేడమ్, బగ్గు దొరికీసిందా?" అని ఆమె మాటను అనుకరిస్తారు. అది బాధే. కానీ అసలు నష్టం ఇంకోచోట జరుగుతోంది. పేమెంట్ మాడ్యూల్ మొత్తం పరీక్షించింది ఈమె, గురువారం డెమోలో దాన్ని చెప్పేది వేరొకరు. ఎందుకని అడిగితే లీడ్ "కమ్యూనికేషన్" అంటాడు. డెమో చెప్పిన కుర్రాడు కూడా రెండుసార్లు తడబడ్డాడు, అతనికి మాత్రం ఆ మాట వర్తించలేదు. ఒకే లోపాన్ని ఒకరి దగ్గర క్షమించి ఇంకొకరి దగ్గర లెక్కగడుతున్నారంటే అక్కడ వివక్ష ఉన్నట్టే.

ఇలాంటప్పుడు "మీరు మా ప్రాంతం వాళ్లను చిన్నచూపు చూస్తున్నారు" అంటే లీడ్ తన మంచితనాన్ని నిరూపించుకునే పనిలో పడతాడు, డెమో సంగతి పక్కకుపోతుంది. టీమ్ వాట్సాప్ గ్రూపులో పెడితే ఇంకా చేటు. అతను ఒంటరిగా ఉన్నప్పుడు పని గురించే అడగాలి: "సర్, పేమెంట్ మాడ్యూల్ టెస్ట్ చేసింది నేనే కదా, వచ్చే గురువారం ఆ పది నిమిషాలు నేను చెబుతాను. ఇబ్బంది ఉందనుకుంటే ఏ కాల్‌లో ఏ మాట క్లయింట్‌కు అర్థం కాలేదో చెప్పండి, సరిచేసుకుంటాను." ఇప్పుడతను అవకాశమైనా ఇవ్వాలి, కారణమైనా చూపాలి. "చూద్దాంలే" అన్నాడా, సాయంత్రం ఆ సంభాషణనే రెండు వాక్యాల్లో మెయిల్ చేయాలి. అందులో ఫిర్యాదు మాట ఉండకూడదు. "ఈరోజు మాట్లాడుకున్నట్టు వచ్చే డెమోలో నా భాగం నేను చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను" అంటే సరిపోతుంది.

వేళాకోళం చేసేవాళ్లకు విడిగా ఒక్కసారి చెప్పాలి: "నా మాటను అలా అనుకరించకండి, నాకు నచ్చదు." నవ్వుతూ చెబితే అదీ జోకైపోతుంది. తర్వాత ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు ఏమన్నారు, దానివల్ల ఏ పని చేజారింది అన్నవి సొంత పుస్తకంలో రాసుకోవాలి. చాలామంది ఆఫీసు మెయిళ్లను సొంత మెయిల్‌కు పంపుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. క్లయింట్ సమాచారం బయటికి పంపారన్న నేరం మీ మీదే పడుతుంది.

రెండు మూడు డెమోల తర్వాతా పరిస్థితి మారకపోతే లీడ్ పైనున్న మేనేజర్‌తో, ఆ పైన హెచ్ఆర్‌తో మాట్లాడాలి. మనసు నొచ్చుకుందని మొదలుపెడితే ఓదార్చి పంపేస్తారు. చేసిన పని, చేజారిన డెమోలు, పంపిన మెయిళ్లు ముందు పెట్టండి. ఇదంతా చేసినా కొన్ని టీమ్‌లు మారవు. అప్పుడు కంపెనీలోనే వేరే ప్రాజెక్టుకు మారడం నా దృష్టిలో ఓటమి కాదు. తల్లిదండ్రులు మాత్రం "సర్దుకుపో" అంటూ ఆ దారినీ మూసేస్తారు.

కులం సంగతి వేరు. ఇంటిపేరు తవ్వడం, ఎంసెట్ ర్యాంకు ఎంతని అడిగి రిజర్వేషన్ సీటా అని ఆరా తీయడం ఆఫీసుల్లో మామూలైపోయింది. "అది ఈ పనికి అవసరం లేదండీ" అని ఊరుకోవచ్చు, జవాబు చెప్పాల్సిన బాధ్యత లేదు. కానీ ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని నలుగురిలో కులం పేరుతో దూషిస్తే అది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. అక్కడ మెత్తగా అడగమనే ఈ సలహా పనికిరాదు. రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, పోలీసుల దగ్గరికీ వెళ్లవచ్చు. ఒక్క జాగ్రత్త: 2013 చట్టం కింద ఆఫీసులో ఉండే అంతర్గత కమిటీ లైంగిక వేధింపుల కోసం. యాస, కులం ఫిర్యాదులు హెచ్ఆర్‌కో, ప్రవర్తనా నియమావళి చూసే విభాగానికో వెళ్లాలి.

అప్రైజల్‌లో "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అన్న వాక్యం కనిపిస్తే, ఒప్పుకుంటున్నట్టు బటన్ నొక్కే ముందు ఉద్యోగి వ్యాఖ్య రాసే గడి ఉందేమో చూడండి. ఉంటే అందులో "దీనికి ఉదాహరణలు తెలపగలరు" అని రాయండి, మీరు చెప్పిన డెమోల తేదీలు జోడించండి.