మొదటి సెట్టే ఎందుకు బరువు?

చిన్నీ,

80 కేజీల స్క్వాట్‌లో మొదటి సెట్టు ప్రాణం తీస్తోందనీ, రెండోది దానికంటే తేలిగ్గా లేస్తోందనీ రాశావు. సెట్లు గడిచేకొద్దీ అలసట పెరగాలి కదా, నీకు తిరగబడిందంటే వార్మప్ సగంలోనే ఆగిపోతోందన్నమాట. అరగంట రోలరు, బ్యాండు, స్ట్రెచింగులకే పోతోంది. బార్ దగ్గరికొచ్చాక మాత్రం 40తో ఒక సెట్టు చేసి నేరుగా 80కి దూకుతున్నావు. దీన్ని తిరగెయ్యి.

ఐదు నిమిషాలు సైకిల్ తొక్కి ఒళ్ళు వేడెక్కాక, 20 కేజీల ఖాళీ బార్‌తో ఎనిమిదేసి చొప్పున రెండు సెట్లు చెయ్యి. రెండో సెట్టులో ప్రతిసారీ కింద మూడు సెకన్లు ఆగు. తుంటికి, చీలమండకు కావలసిన సాగుడు చాలావరకు అక్కడే దొరుకుతుంది. తర్వాత 40తో ఐదు, 55తో మూడు, 65తో రెండు, 75తో ఒక్కటి. బరువు పెరిగేకొద్దీ సంఖ్య తగ్గిస్తున్నది అలసిపోకుండా ఉండటానికే. మొదట్లో ప్లేట్లు మార్చేంత విరామం చాలు, 75 తర్వాత మాత్రం మూడు నిమిషాలు కూర్చో.

ఆ ఒక్క 75ని వదిలెయ్యకు. వీపు మీద ఆ బరువు పడితేనే పొట్ట ఎంత బిగించాలో ఒంటికి తెలుస్తుంది, 80 కొత్తగా అనిపించదు. ఆ రోజు సంగతి చెప్పేదీ అదే. ఎప్పటిలా చురుగ్గా లేస్తే 80 వెయ్యి. సగంలో నత్తనడక నడిస్తే 75తోనే సెట్లు ముగించు. కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే అక్కడితో ఆపెయ్యి.

మొబిలిటీ అవసరమున్నచోటే చెయ్యి. గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో బొటనవేలు పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు తగిలించి చూడు. తగిలితే చీలమండకు విడిగా ఏమీ అక్కర్లేదు. తగలకపోతే అదే భంగిమలో, ఒక్కో కాలికి పదిసార్లు మోకాలు ముందుకు తోస్తూ రెండు సెకన్లు నిలుపు. మడమ ఇంకా లేస్తోందా? ఎత్తు మడమ లిఫ్టింగ్ బూట్లు వేసుకో, తప్పేం లేదు. ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి లాగి పట్టుకునే స్ట్రెచింగు, బరువెత్తే ముందు బలాన్ని కాస్త తగ్గిస్తుంది. దాన్ని సెట్లయ్యాక పెట్టుకో.

ఇక నువ్వు అంత నమ్మే ఆక్టివేషన్. లేచేటప్పుడు మోకాళ్ళు లోపలికి పడుతుంటే గ్లూట్ బ్రిడ్జ్ పది, బ్యాండుతో పక్కనడక అటు పది ఇటు పది చేసి చూడు. దాని తర్వాత ఖాళీ బార్ సెట్టులో మోకాళ్ళు కుదురుగా నిలిస్తే ఉంచుకో, తేడా లేకపోతే మానెయ్యి. మంట పుట్టేదాకా మాత్రం చెయ్యకు. పిరుదులు ముందే అలసిపోతే 80 కింద మోకాళ్ళు ఇంకా లోపలికి పడొచ్చు.

చలికాలం పొద్దున్నే వెళ్ళే రోజుల్లో ఖాళీ బార్ సెట్టు ఇంకొకటి కలుపు. ఈ వారం ఇలా చేసి, 75 ఎలా లేచిందో రాయి.

అక్క